ఇంటి పచ్చళ్ల క్యాప్షన్‌లో పెట్టే 14 అంకెలు: దరఖాస్తు ఎలా, ఎక్కడ ఆగిపోతుంది

ఇంట్లో ఆవకాయ, గోంగూర, చెగోడీలు చేసి వాట్సాప్‌లోనో ఇన్‌స్టాలోనో అమ్మేవాళ్లకు కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. క్యాప్షన్‌లో పెట్టే 14 అంకెలు ఆ రిజిస్ట్రేషన్ నంబరే. ఏడాది అమ్మకాలు చిన్న వ్యాపారాలకు పెట్టిన పరిమితి లోపు ఉంటే పెద్ద లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ చాలు. ఫీజు ఏడాదికి 100 రూపాయలు. దీనికే రెండు మూడు వేలు అడిగే వెబ్‌సైట్లు గూగుల్‌లో పైనే కనిపిస్తాయి. అసలుది foscos.fssai.gov.in ఒక్కటే. చివర gov.in లేకపోతే అక్కడ డబ్బు కట్టకండి.

లాగిన్ చేసుకోవడం, ఫొటో, ఆధార్ అప్‌లోడ్ చేయడం పది నిమిషాల పని. వ్యాపారం రకం దగ్గర మాత్రం చిల్లర అమ్మకం కాకుండా తయారీ ఎంచుకోండి. పచ్చళ్లతో పాటు జంతికలు, కారప్పూస, చికెన్ పచ్చడి కూడా అమ్ముతుంటే అవన్నీ ఇదే దరఖాస్తులో చూపించాలి.

ఎక్కువమంది చిక్కుకునేది చిరునామా దగ్గర. అక్కడ అడిగేది మీ ఊరి చిరునామా కాదు, పొయ్యి వెలిగే ఇంటి చిరునామా. ఉదాహరణకు ఆధార్ గుంటూరుది, అద్దె ఇల్లు కూకట్‌పల్లిలో, వంట అక్కడే. అప్పుడు దరఖాస్తు తెలంగాణలో, కూకట్‌పల్లి చిరునామాతో పెట్టాలి. ఆధార్ గుర్తింపుకే పనికొస్తుంది. ఇంటి రుజువుగా ఓనరు పేరున ఉన్న కరెంటు బిల్లు, దానికి జతగా అద్దె ఒప్పందమో ఓనరు రాసిచ్చిన అంగీకార పత్రమో పెట్టండి. బిల్లులో ఫ్లాట్ 302 అనీ ఒప్పందంలో 3వ అంతస్తు అనీ ఉంటే, ఇది ఏ ఇల్లని ప్రశ్న వేసి వెనక్కి పంపుతారు. డోర్ నంబరు అన్నిట్లో ఒకేలా రాయించుకోండి. ఇల్లు మారితే పాత నంబరు కొత్త వంటింటికి చెల్లదు.

ఆ ప్రశ్న వచ్చేది దరఖాస్తులో ఇచ్చిన ఫోనుకూ మెయిల్‌కూ. 30 రోజుల్లో జవాబివ్వకపోతే దరఖాస్తు పోయినట్టే, కట్టిన ఫీజు కూడా తిరిగి రాదు. మధ్యవర్తి చేత చేయిస్తే అతను తన నంబరే పెట్టేస్తాడు. ప్రశ్న అతనికి వెళ్తుంది, మీకు తెలియదు. రేపు లాగిన్‌కైనా ఓటీపీ అతని దగ్గరే. ఎవరి చేత చేయించినా సరే, ఫోను, మెయిల్ మాత్రం మీవే ఉండాలి.

ఫీజు కట్టగానే 17 అంకెల నంబరు వస్తుంది. అది దరఖాస్తు రసీదు మాత్రమే. చాలామంది తొందరపడి దాన్నే క్యాప్షన్‌లో పెట్టేస్తారు. సర్టిఫికెట్‌పై వచ్చేది 14 అంకెలది. రిజిస్ట్రేషన్ అయితే 2తో మొదలవుతుంది, తర్వాతి రెండంకెలు రాష్ట్రానివి: ఆంధ్రప్రదేశ్‌కు 01, తెలంగాణకు 36. కొనేవాళ్లు అదే పోర్టల్‌లో FBO Search దగ్గర కొట్టి చూడొచ్చు, మీరే ముందు చూసుకోండి.

నిల్వ కాలం ఆఫీసు ఇవ్వదు, మీరే చెప్పాలి, దానికి మీరే బాధ్యులు. ప్రతి విడతలో ఒక సీసా తీసి పక్కన పెట్టండి, ఇంకొకటి ఇంట్లో రోజూ వాడండి. ముక్కల్లో తడి ఆరకపోయినా, నూనె పైకి తేలకపోయినా బూజు మొదట రోజూ తెరిచే సీసాలోనే కనిపిస్తుంది. చెగోడీలు బూజు పట్టకముందే మెత్తబడతాయి, పాత నూనె వాసన వేస్తాయి. అందుకే పచ్చడికీ వాటికీ ఒకే గడువు రాయకూడదు. గోంగూరలో నిమ్మ ఉప్పు వేసి ‘ఏమీ కలపలేదు’ అనీ రాయకూడదు.

ఇవన్నీ తేలాక క్యాప్షన్ ఇంత చాలు. గడువులు మీ సీసాలు చెప్పినవి వేసుకోండి:

```
మామిడి ఆవకాయ | అరకిలో ₹___
FSSAI రిజిస్ట్రేషన్: 236XXXXXXXXXXX
పదార్థాలు: మామిడి, నువ్వుల నూనె, కారం,
ఆవపిండి, ఉప్పు, మెంతులు
తయారీ: __/__/____
వాడాల్సిన గడువు: __/__/____
తెరిచాక: పొడి గరిటె, ___ నెలల్లోపు
ఆర్డర్: 1. ఏది, ఎంత, పిన్‌కోడ్ మెసేజ్ చేయండి
2. కొరియర్ కలిపి మొత్తం చెప్తాం
3. అప్పుడే డబ్బు పంపండి
4. పంపే తేదీ, ట్రాకింగ్ నంబరు ఇస్తాం
```

క్యాప్షన్‌లో ఉన్న నంబరూ తేదీలూ సీసా లేబుల్‌పైనా ఉండాలి. లేబుల్‌కు శాకాహారమైతే ఆకుపచ్చ గుర్తు, బ్యాచ్ నంబరు, నికర బరువు, మీ చిరునామా అదనం. ‘అమెరికాకు పంపుతాం’ అన్న లైను మాత్రం ఈ నంబరు చూసుకుని రాయకండి. ఎగుమతి వ్యాపారానికి కేంద్ర లైసెన్సు, ఎగుమతి కోడ్ వేరే తీసుకోవాలి.