రాసినవారి గొంతు పోకుండా తిరగరాయాలంటే

గుణుపురంలో మా తెలుగు సంచికకు పెద్దవాళ్ల వ్యాసాలు తిరగరాస్తుంటే భాష బాగుపడుతుంది కానీ, రాసిన మనిషి మాయమవుతారు. దీనికి పనికొచ్చిన పద్ధతి ఇది.

వారివే పాత వ్యాసాలు మూడు తీసుకుని, ఒక్కోదానిలో వరుసగా పది వాక్యాలకు మాటలు లెక్కపెట్టండి. ‘కాబట్టి’, ‘అందువల్ల’ వంటివి ఎంత తరచుగా వస్తున్నాయో పక్కన రాసుకోండి. మా మాస్టారి వాక్యాలు నాలుగైదు మాటలు దాటవు, కారణాన్ని విడిగా చెప్పరు. అందుకే ‘ఎడతెగని వర్షాల కారణంగా వంశధార పొంగిపొర్లింది’ అన్న సవరణను ‘వాన తెరిపివ్వలేదు. వంశధార పొంగింది’ అని మార్చాను.

ఒక జాగ్రత్త: ఉత్తరాలు చూసి వ్యాసం దిద్దితే కుదరదు, నమూనా అదే రకం రచన కావాలి. అచ్చు ప్రతిని మరొకరు దిద్ది ఉంటే దొరికేది వారి అలవాట్లే, కాబట్టి చేతిరాత ప్రతి అడగండి.