పిల్ల పుట్టింటికి వచ్చేలోపే రంగుల వాసన పోవాలి

ఏడో నెలలో శ్రీమంతం చేసి అమ్మాయిని పుట్టింటికి తెచ్చుకుంటాం. వస్తోందనగానే గోడలకు రంగులు, బొద్దింకల మందు, బాత్రూముకు యాసిడ్, పెరట్లో కట్టెల పొయ్యి మీద అరిసెలు. ప్రేమతో చేసే ఈ పనుల్లోనే కడుపుతో ఉన్న పిల్లకు పడనివి ఎక్కువ. పనులు మానక్కర్లేదు. ఏది ఎప్పుడు చేయాలి, ఎవరు చేయాలి అన్నది ముందే అనుకోవాలి.

మా అక్క కూతుర్ని తెచ్చుకున్నప్పుడు శ్రీమంతం 24న. పెయింటర్ 20న మొదలుపెట్టి నాలుగు రోజుల్లో ముగిస్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు. 5న మొదలుపెట్టించి 9కల్లా అయిందనిపించాం. తర్వాత రెండు వారాలు పగలంతా కిటికీలు బార్లా తెరిచి, ఫ్యాన్లు వేసి ఉంచాం. గోడలకు వేసే ఎమల్షన్ నీళ్లలో కలిపేది కాబట్టి వాసన తొందరగానే తగ్గుతుంది. తలుపులకు, గ్రిల్స్‌కు వేసే ఎనామిల్ అలా కాదు. అందులో టర్పెంటైన్, థిన్నర్ కలుపుతారు. చేతికి అంటకుండా ఆరాక కూడా రోజుల తరబడి ఆవిరి వస్తూనే ఉంటుంది. అందుకే ఎనామిల్ పని ముందు చేయించాం. అమ్మాయి పడుకునే గది తలుపులకైతే అసలు వేయించలేదు. పురుడయ్యాక చూసుకోవచ్చు.

వాసన కంటే నాకు ఎక్కువ భయం పాత రంగు గీకేటప్పుడు లేచే దుమ్ము. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన తలుపుల మీద, గ్రిల్స్ మీద సీసం ఎక్కువే ఉండొచ్చు. ఆ దుమ్ము తల్లి రక్తంలోకి చేరితే మాయ దాటి బిడ్డకూ వెళుతుంది, మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. పొడి ఉప్పు కాగితంతో రుద్దనివ్వకండి. నీళ్లు తడుపుతూ వాటర్ పేపర్‌తో రుద్దించండి. కింద పట్టా పరచండి. దుమ్మును చీపురుతో ఊడిస్తే మళ్లీ గాల్లోకి లేస్తుంది, తడిగుడ్డతో రెండుమూడుసార్లు తుడవాలి. ఇదంతా ఆమె ఇంట్లో లేనప్పుడే జరగాలి.

మా బావది మిర్చి తోట. మందు కొట్టి వచ్చిన చొక్కాను అక్క ఇంటి బట్టలతో కలిపి నానబెట్టేది. ఆ తడి చొక్కా పట్టుకుంటే మందు చర్మంలోంచి లోపలికి పోతుంది. ఇప్పుడు బావ బయట కుళాయి దగ్గరే బట్టలు విప్పి, సబ్బుతో స్నానం చేసి లోపలికి వస్తాడు. ఆ బట్టలు వేరే బకెట్‌లో ఆయనే ఉతుక్కుంటాడు. మందు డబ్బాలు, పంపు ఇంట్లోకి రానివ్వడు. బొద్దింకలకు స్ప్రే కొట్టించే బదులు మూలల్లో జెల్ చుక్కలు పెట్టాం. దోమలకు కాయిల్ మానేసి దోమతెర కట్టాం.

అరిసెల రోజు పిల్ల సరదాగా పొయ్యి దగ్గర గంటసేపు కూర్చుంది. తలనొప్పి, కడుపులో వికారం అంది. "వేవిళ్లేమోలే" అన్నారెవరో. ఏడో నెలలో వేవిళ్లేమిటి? వేప చెట్టు కిందికి తీసుకెళ్లి కూర్చోబెడితే అరగంటలో తేరుకుంది. కట్టెల పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగూ వాసనా లేవు. రక్తంలో ప్రాణవాయువు చోటును అది ఆక్రమిస్తుంది, బిడ్డ రక్తాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. బయటికి వస్తే తగ్గడం, పక్కనున్నవాళ్లకూ తలనొప్పి రావడం చూస్తే పొగ వల్లేనని అనుమానించాలి. బయటికి వచ్చినా తగ్గకపోతే, కళ్లు మసకబారినా, ముఖం చేతులు వాచినా అది బీపీ కావచ్చు. ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఇదే కారణంతో పురుడయ్యాక బాలింత గదిలో తలుపులు మూసి కుంపటి పెట్టడం మానెయ్యండి. వెచ్చదనానికి దుప్పటి చాలు. గ్యాస్ గీజర్ బాత్రూములో ఉంటే నీళ్లు బకెట్‌లో పట్టుకుని, గీజర్ ఆపేసి, గాలి ఆడాకే స్నానం చేయాలి.

ఇక బాత్రూము. యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ పౌడర్ చల్లితే క్లోరిన్ వాయువు వస్తుంది, గొంతు పట్టేసి ఊపిరాడదు. ఏదో ఒకటే వాడండి, అదీ ఇంకెవరైనా చేయాలి. పొరపాటున కలిసిపోతే కడగడానికి లోపలికి వెళ్లొద్దు. అందరూ బయటికి రండి, వీలైతే వస్తూ వస్తూ తలుపు తెరిచి ఉంచండి. పురుగుమందు ఒంటి మీద పడితే బట్టలు తీసేసి, సబ్బు నీళ్లతో బాగా కడగాలి. నోట్లో నీరూరడం, ఒళ్లంతా చెమట, ఆయాసం కనిపిస్తే 108కి ఫోన్ చేయండి. మందు డబ్బా కూడా వెంట తీసుకెళ్లండి, దాని మీది పేరు చూసే డాక్టర్ విరుగుడు ఆలోచిస్తారు.