యంత్ర భద్రతా సూచనలను రష్యన్‌లోకి అనువదించేటప్పుడు సరైన క్రియారూపం ఎంచుకోవడం ఎలా?

జీడిమెట్లలోని ఒక కర్మాగారం మాత్రలు అచ్చువేసే ప్రెస్‌ను విదేశానికి పంపబోతూ, దాని ఆంగ్ల వాడుక పుస్తకానికి చేయించిన రష్యన్ అనువాదాన్ని సరిచూడమని నాకు ఇచ్చింది. భద్రత అధ్యాయంలో మూడో వాక్యం దగ్గరే ఆగిపోయాను. "యంత్రం నడుస్తుండగా రక్షణ తలుపు తెరవరాదు" అనే సూచనకు అనువాదకుడు 'నెల్జ్యా ఒత్క్రీత్' అని రాశారు. పదాలన్నీ సరైనవే. కానీ రష్యన్ కార్మికుడు దాన్ని చదివితే "తలుపు తెరుచుకోదు" అని అర్థం చేసుకుంటాడు.

రష్యన్‌లో దాదాపు ప్రతి క్రియకూ ఒక జంట ఉంటుంది. పని సాగడాన్నో, మళ్లీ మళ్లీ జరగడాన్నో, అసలు ఆ పని జోలికి వెళ్లడాన్నో చెప్పేది అసంపూర్ణ రూపం. ఒక్కసారి జరిగి ఫలితం చేతికి రావడాన్ని చెప్పేది సంపూర్ణ రూపం. తెరవడానికి 'ఒత్క్రివాత్', 'ఒత్క్రీత్' అనేవి అలాంటి జంట. 'నెల్జ్యా' పక్కన మొదటిది వస్తే "తెరవకూడదు", రెండోది వస్తే సాధారణంగా "తెరవడం కుదరదు". (రష్యన్ పదాలను ఇక్కడ ఉచ్చారణను కాక, స్పెల్లింగును అనుసరించి రాస్తున్నాను.)

ముందుగా యంత్రం దగ్గరికి వెళ్లండి

నిఘంటువు తెరవడానికి ముందు చేయాల్సిన పని ఇదే. ఆ తలుపు గురించి కర్మాగారంలోని ఫిట్టర్‌ను అడిగాను. "తెరుచుకుంటుంది మేడమ్. తెరవగానే మోటారుకు కరెంటు ఆగుతుంది. కానీ రోటర్ వెంటనే ఆగదు, కాసేపు తిరుగుతూనే ఉంటుంది" అన్నారు. అంటే ఆ తలుపుకు విద్యుత్తును ఆపే స్విచ్చే ఉంది, తెరుచుకోకుండా పట్టి ఉంచే తాళం లేదు. తలుపు తెరుచుకోదని పుస్తకం చెబుతుంటే అది తెరుచుకుంది కాబట్టి, లోపల అంతా ఆగిపోయి ఉంటుందని కార్మికుడు నమ్మి చేయి పెడతాడు. ఒక్క క్రియారూపం వల్ల లేని తాళం ఉన్నట్టు అయింది.

కాబట్టి ప్రతి సూచన పక్కన ఒక మాట రాసుకోండి: ఇది నిషేధమా, ఆ క్షణంలో చేయాల్సిన పనా, రోజూ చేయాల్సిన పనా, పొరపాటు జరగకుండా హెచ్చరికా, లేక యంత్రం గురించి వివరణా? క్రియ ఎంపిక అంతా ఈ గుర్తు మీదే నిలుస్తుంది.

ఎక్కడ ఏ ధోరణి వాడాలో నిర్ణయించండి

తెలుగులో మనకు "తెరవకండి", "తెరవరాదు" అని రెండు దారులున్నాయి. ఒకటి ఎదుటి మనిషితో చెప్పేది, రెండోది ఎవరినీ ఉద్దేశించకుండా నియమంగా చెప్పేది. రష్యన్‌లోనూ ఈ తేడా ఉంది, అందుకే ఆంగ్ల మూలాన్ని ఒకసారి తెలుగులో అనుకుని చూడటం నాకు బాగా పనికొస్తుంది.

పనిని వరుసగా నేర్పే చోట '-తె'తో ముగిసే మర్యాద విధిరూపం వాడండి: 'నజ్మీతె', నొక్కండి. యంత్రానికి అతికించే పలకపై విధిరూపానికి బదులు క్రియ మూలరూపం చాలు. రష్యాలో మరమ్మతు జరుగుతున్నప్పుడు స్విచ్చుకు తగిలించే పలక మీద 'నె వ్క్ల్యుచాత్! రబోతాయుత్ ల్యూది' అని ఉంటుంది. "ఆన్ చేయరాదు, మనుషులు పనిచేస్తున్నారు" అని అర్థం. భద్రత అధ్యాయంలోని నియమాలకు 'జప్రెష్చాయెత్సా', అంటే నిషిద్ధం, 'నెఒబ్ఖొదీమొ', అంటే తప్పనిసరి, లాంటి కర్త లేని వాక్యాలు నప్పుతాయి. ఒకే జాబితాలో ఒక వాక్యం "నొక్కండి" అనీ, తర్వాతిది "నొక్కడం" అనీ రాయకండి. రెండో వాక్యం ఆజ్ఞా, శీర్షికా అని చదివేవారు తడుముకుంటారు.

విద్యుత్ స్తంభాల మీద కనిపించే 'నె వ్లెజాయ్! ఉబ్యోత్', అంటే "ఎక్కకు, చస్తావు", అనే హెచ్చరికలో ఉన్నది "నువ్వు" రూపం. స్తంభం మీద అది సరిపోతుంది, కానీ వాడుక పుస్తకంలోకి తేవద్దు.

జంటలో ఒకదాన్ని ఎంచుకోండి

ఆ ప్రెస్ పుస్తకం నుంచే నాలుగు సూచనలు చూద్దాం.

"శుభ్రం చేసే ముందు మెయిన్ స్విచ్ ఆపి తాళం వేయండి." ఇది ఆ క్షణంలో ఒక్కసారి పూర్తిచేయాల్సిన పని. సంపూర్ణ రూపం కావాలి: 'ఒత్క్ల్యుచీతె', ఆపేయండి, 'జప్రీతె', తాళం వేయండి.

"ప్రతి షిఫ్టు తర్వాత పంచ్‌లు శుభ్రం చేయండి." పంచ్‌లంటే పొడిని మాత్రలుగా నొక్కే కడ్డీలు. వాటిని శుభ్రం చేయడం మళ్లీ మళ్లీ చేసే పని. అసంపూర్ణ రూపం 'ఒచిష్చాయ్‌తె' రావాలి. ఇక్కడ 'ఒచీస్తితె' అంటే ఈ ఒక్కసారికి చేసేయమన్నట్టు వినిపిస్తుంది. తెలుగులో రెండింటికీ "చేయండి" అనే అంటాం కాబట్టి, మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. "రోజూ", "ప్రతి", "అప్పుడప్పుడు" లాంటి మాట కనిపిస్తే ఆగి చూసుకోండి.

"రోటర్ పూర్తిగా ఆగేవరకు తలుపు తెరవకండి." నిషేధం ఏదైనా అసంపూర్ణ రూపంలోనే ఉండాలి: 'నె ఒత్క్రివాయ్‌తె'. పలక మీదైతే 'నె ఒత్క్రివాత్', నియమంగా రాస్తే 'జప్రెష్చాయెత్సా ఒత్క్రివాత్'. మూడింట్లోనూ క్రియ అదే. 'నెల్జ్యా'ను భద్రతా వాక్యాల నుంచి పూర్తిగా తీసేయడం నా అలవాటు. 'జప్రెష్చాయెత్సా' రాస్తే నిషేధమా, అసాధ్యమా అనే సందేహానికి చోటే ఉండదు.

"పై పంచ్‌ను జారవిడవకుండా చూడండి." పంచ్‌ను కావాలని ఎవరూ పడేయరు. పొరపాటున జరిగే దాని గురించి హెచ్చరించేటప్పుడు మాత్రం, కాదనే వాక్యంలోనూ సంపూర్ణ రూపమే సహజం: 'నె ఉరొనీతె'. అదే లెక్కన 'నె ఒత్క్రోయ్‌తె' అని రాస్తే "పొరపాటున తెరిచేస్తారేమో, జాగ్రత్త" అన్నట్టు ఉంటుంది. నిషేధానికి ఉండాల్సిన బలం అందులో లేదు.

బాధ్యత ఎంత బలమైనదో కొలవండి

సాంకేతిక పత్రాల రాతకు రష్యాలో గోస్ట్ 2.105 అనే ప్రమాణం ఉంది. తప్పనిసరి నిబంధనలకు వాడాల్సిన మాటల్లో అది 'స్లేదుయెత్'ను కూడా చేర్చింది. ఆంగ్ల పుస్తకంలో "చేస్తే మంచిది" అనే స్థాయిలో ఉన్న సలహాకు చాలామంది అలవాటుగా ఈ మాటే పెడతారు, దాంతో సలహా కాస్తా నిబంధన అవుతుంది. నిజంగా సలహా అయితే 'రెకొమెందూయెత్సా' రాయండి. ఇంకో ప్రమాదం దీనికి ఎదురు దిశలో ఉంటుంది. "మరమ్మతులు శిక్షణ పొందినవారే చేయాలి" అన్న వాక్యాన్ని 'విపొల్న్యాయెత్సా' అని తేల్చేస్తే "చేయబడుతుంది" అనే వర్ణనగా మిగులుతుంది. ముందు 'దొల్జెన్' చేర్చి 'దొల్జెన్ విపొల్న్యాత్సా' అంటేనే అది బాధ్యత అవుతుంది.

రష్యా సభ్యదేశంగా ఉన్న కస్టమ్స్ యూనియన్ సాంకేతిక నిబంధన 010/2011 ప్రకారం యంత్రంతో రష్యన్ వాడుక పుస్తకం ఉండాలి. 2013 ఫిబ్రవరి 15 నుంచి అది అమల్లో ఉంది. కాబట్టి అక్కడ మీ వాక్యాన్ని చదివి పనిచేసే మనిషికి ఆంగ్ల మూలంతో పోల్చి చూసే అవసరం గానీ, అలవాటు గానీ ఉంటుందని అనుకోకండి.

చివరగా వెనక్కి తెలుగులోకి చెప్పి చూడండి

ఫైలులో 'నె', 'నెల్జ్యా', 'జప్రెష్చాయెత్సా' ఉన్న ప్రతి చోటునూ వెతికి, తర్వాతి క్రియ జంటలో ఏదో చూడండి. సంపూర్ణ రూపం కనిపిస్తే అది పొరపాటు గురించిన హెచ్చరికేనని నిర్ధారించుకోండి. ఆ తర్వాత ఆ వాక్యాలను ఆంగ్లంలోకి కాక తెలుగులోకి తిప్పి, యంత్రం తెలిసిన మనిషికి చదివి వినిపించండి. ఆ రోజు నేను పాత అనువాదాన్ని "యంత్రం నడుస్తుండగా తలుపు తెరవలేరు" అని చదవగానే, ఫిట్టర్ చేతిలోని స్పానర్ కింద పెట్టి, "అదెలా మేడమ్, నేను రోజూ తెరుస్తున్నాను కదా" అన్నారు.