మధ్యలో సర్వరు లేకుండా ఫోల్డర్లు – నాలుగో పాఠం: ఎప్పుడూ ఎదురుపడని రెండు కంప్యూటర్లు

ఈ వారం ఫోల్డర్ల రకాల గురించి చెబుతానని క్రితం పాఠంలో అన్నాను. అది కొంచెం ఆగాలి. మూడో పాఠం చదివి రెండు కంప్యూటర్లను జతచేసుకున్న వాళ్లలో సగం మంది ఫిర్యాదు ఒకటే: “అన్నీ మీరు చెప్పినట్టే చేశాం, ఆకుపచ్చ రంగులో Up to Date అని కూడా చూపిస్తోంది, కానీ కొత్త ఫైలు రాలేదు.” మిగతా సగం మంది ఫోల్డరులో వింత పేర్లతో ఫైళ్లు పుట్టుకొచ్చాయని రాశారు. ఈ రెండు ఫిర్యాదులకూ మూలం ఒక్కటే కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. కంప్యూటర్ల మధ్య ఫోల్డర్లను నేరుగా ఒకేలా ఉంచే సింక్‌థింగ్ ప్రోగ్రామును ఎక్కించడం, ఐడీలు ఇచ్చిపుచ్చుకోవడం మళ్లీ చెప్పను.

పర్లాకిమిడిలో పెళ్లిపత్రికలు వేసే ఒక పాఠకుడి సంగతే తీసుకుందాం. దుకాణం ఒడిశాలో, ఇల్లు సరిహద్దుకు ఇవతల పాతపట్నంలో. దుకాణం కంప్యూటర్ పొద్దున తొమ్మిదిన్నర నుంచి రాత్రి ఎనిమిది దాకా నడుస్తుంది. ఇంట్లో ల్యాప్‌టాప్ భోజనాలయ్యాక తెరుస్తారు. తెలుగు, ఒడియా పత్రికల ఆర్డర్లన్నీ `register.ods` అనే ఒకే లెక్కల పట్టీలో రాసుకుంటారు. ఇప్పుడు ఒక్క ప్రశ్న: ఆ రెండు కంప్యూటర్లూ ఒకేసారి వెలిగి ఉండే సమయం రోజులో ఎంత? అసలు లేదు.

మధ్యలో సర్వరు లేదంటే ఫైలు ఆగి ఎదురుచూసే చోటు కూడా లేదని అర్థం. సింక్‌థింగ్ వాడే డిస్కవరీ సర్వర్లు ఒక కంప్యూటర్ చిరునామాను రెండో కంప్యూటర్‌కు చెబుతాయి, అంతే. నేరుగా దారి దొరకనప్పుడు రిలే సర్వర్లు గుప్తీకరించిన డేటాను అటూ ఇటూ దాటిస్తాయి. రెండూ మీ ఫైలును దాచిపెట్టవు. దుకాణం కంప్యూటర్ ఆపేశాక అందులో ఆ సాయంత్రం మారిన ఫైలు ఆ డిస్కులో తప్ప లోకంలో మరెక్కడా ఉండదు.

మరి Up to Date ఎందుకు చూపించింది? అది అబద్ధం కాదు. బ్రౌజరులో `127.0.0.1:8384` తెరిస్తే ఎడమవైపు Folders, కుడివైపు Remote Devices కనిపిస్తాయి. ఎడమవైపు మాట ఈ కంప్యూటర్ తన గురించి తాను చెప్పుకునేది: నాకు తెలిసిన మార్పులన్నీ నా దగ్గర ఉన్నాయి అని. అవతలి కంప్యూటర్‌లో గంట కిందట ఏం మారిందో దానికి ఎవరూ చెప్పలేదు, అందుకే నిశ్చింతగా ఆకుపచ్చగా ఉంది. మీరు చూడవలసింది కుడివైపు. అక్కడ అవతలి కంప్యూటర్ పేరు పక్కన Disconnected అని ఉంటే ఎడమవైపు ఆకుపచ్చకు విలువ లేదు. అక్కడ కూడా Up to Date అని ఉంటేనే ఇక్కడున్నదంతా అక్కడికి చేరినట్టు. దుకాణం కట్టేముందు చూడవలసింది ఈ ఒక్క మాట. ఫైలు దాచిన క్షణంలోనే కంప్యూటర్ ఆపకండి కూడా. మార్పును గమనించాక సింక్‌థింగ్ మామూలుగా పది సెకన్లు ఆగి గాని పని మొదలుపెట్టదు.

ఇక వింత పేర్ల ఫైళ్లు. నాకు చిరాకు తెప్పించేది ఇదే కాబట్టి ఇక్కడ తీరిగ్గా చెబుతాను.

2025 జూన్ 14, శనివారం. రాత్రి 7:40కి దుకాణంలో ఒక కొత్త ఆర్డరును పట్టీలో రాసి, ఫైలు దాచి, ఎనిమిదికి కంప్యూటర్ ఆపేశారు. రాత్రి పదింటికి ఇంట్లో ల్యాప్‌టాప్ తెరిచారు. అందులో ఉన్నది గురువారం నాటి పట్టీ. శనివారం ఆర్డరు అందులో లేదని గమనించకుండా వేరే పార్టీ ఇచ్చిన బయానా మొత్తాన్ని దిద్ది దాచారు. ఆదివారం దుకాణం సెలవు. సోమవారం ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్లి దుకాణంలోని వైఫైకి కలిపారు. రెండు కంప్యూటర్లూ గురువారం తరవాత మళ్లీ ఎదురుపడ్డాయి.

ప్రతి ఫైలు వెంట, దాన్ని ఏయే కంప్యూటర్లు మార్చాయో తెలిపే చిన్న లెక్క ఒకటి సింక్‌థింగ్ దగ్గర ఉంటుంది. ఆ లెక్కలు పోల్చగానే దానికి అర్థమైంది: రెండు ప్రతులూ గురువారం ప్రతి నుంచే పుట్టాయి, ఒకటి రెండోదాన్ని చూసి మారింది కాదు. అంటే ఘర్షణ. గడియారం చూసి తేల్చిన సంగతి కాదిది. గడియారం పని తరవాత మొదలవుతుంది: రెండింట్లో ఏది అసలు పేరుతో మిగలాలి? ఏ ఫైలు చివరిగా దాచిన సమయం కొత్తదైతే అది మిగులుతుంది. రాత్రి పది గెలిచింది, 7:40 ఓడింది. ఓడిన ప్రతి పోలేదు, పేరు మాత్రం మారింది:

```
register.sync-conflict-20250616-093112-K3MZQ7T.ods
```

ఈ పేరు చూసి మన పాఠకుడు ఏదో చెత్త అనుకుని తుడిచేశారు. శనివారం ఆర్డరు ఉన్నది ఆ ఒక్క ఫైలులోనే. చేత్తో తుడిచింది దుకాణం కంప్యూటర్‌లో కాబట్టి రీసైకిల్ బిన్‌లో దొరికింది. ల్యాప్‌టాప్‌కు కూడా చేరిన ప్రతి మాత్రం అక్కడ ఏ బిన్‌లోకీ వెళ్లకుండానే మాయమైంది. అవతలి నుంచి వచ్చిన తుడిపివేతకు రీసైకిల్ బిన్ అడ్డురాదు. అక్కడ ఆ ఫోల్డరుకు పాత ప్రతులను ఉంచే File Versioning పెట్టుకుని ఉంటేనే అది `.stversions` అనే ఫోల్డరులో మిగిలి ఉండేది. ఘర్షణ ఫైలు కూడా మామూలు ఫైలే. అన్ని కంప్యూటర్లకూ వెళుతుంది, ఒకచోట తుడిస్తే అన్నిచోట్లా పోతుంది.

పేరు చదివి లెక్కలు కట్టడం ఇంకో పొరపాటు. అందులోని తేదీ, సమయం మీరు ఫైలు మార్చిన వేళ కాదు, సింక్‌థింగ్ ఘర్షణను పట్టుకుని పేరు మార్చిన వేళ. అందుకే శనివారం రాసిన ప్రతి మీద సోమవారం పొద్దుటి ముద్ర పడింది. “సోమవారం ప్రతి అంటే కొత్తదే కదా” అని దాన్నే అసలు ఫైలు మీద రుద్దేసిన వాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకు బయానా దిద్దుబాటు పోయింది. చివరి ఏడు అక్షరాలు ఒక కంప్యూటర్ ఐడీలోని మొదటి ముక్క. దాన్ని బట్టి ప్రతి ఎవరిదో తేల్చబోకండి. రెండు ఫైళ్లూ పక్కపక్కన తెరిచి చూడండి. లేని వరుసను అసలు ఫైలులో చేర్చి, దాచి, అది అవతలికి చేరిందని కుడివైపు చూసుకుని, ఆ తరవాతే ఘర్షణ ఫైలు తుడవండి. సింక్‌థింగ్ రెండు ప్రతులను కలిపి ఒకటి చేయదు. పట్టీ లోపల ఏముందో దానికి తెలియదు, తెలుసుకోదు.

ఒక మనిషి విషయంలో ఎప్పుడూ దుకాణం ప్రతే ఓడిపోతోంది, అది తరవాత మార్చినదైనా సరే. కారణం సింక్‌థింగ్ కాదు, మదర్‌బోర్డు మీది నాణెం లాంటి బ్యాటరీ. అది అయిపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ కంప్యూటర్ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. ఆ తేదీతో దాచిన ఫైలు ఎప్పటికీ పాతదిగానే కనిపిస్తుంది. బ్యాటరీ మార్చండి. సాధారణంగా CR2032, గడియారాల దుకాణంలో దొరుకుతుంది.

మరి ఎదురుపడని రెండు కంప్యూటర్లను కలిపేదెలా? రోజూ రెండు చోట్లకూ వెళ్లేది ఒకటి ఉంది, అది మీ జేబులోనే ఉంది. ఫోనును మూడో యంత్రంగా చేర్చండి. పూర్వం బస్సు కండక్టరు చేతికి ఉత్తరం ఇచ్చి పంపినట్టు, దుకాణంలో సాయంత్రం మారిన ఫైలును ఫోను పుచ్చుకుని రాత్రి ఇంట్లో ల్యాప్‌టాప్‌కు అందిస్తుంది. దీనికి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు, రెండు చోట్లా ఫోనూ, అక్కడి కంప్యూటరూ ఒకే వైఫై కింద ఉంటే చాలు. ఒకే వైఫైలో ఉన్న యంత్రాలు ఒకదాన్నొకటి వాటంతట అవే కనిపెట్టుకుంటాయి. పాత అధికారిక ఆండ్రాయిడ్ యాప్ 2024 డిసెంబరుతో ఆగిపోయింది. ఇప్పుడు అందరూ వాడేది Syncthing-Fork.

చేర్చేటప్పుడు మూడు జాగ్రత్తలు. ఫోనులో కొత్త ఫోల్డరు సృష్టించకండి. దుకాణం కంప్యూటర్ నుంచి పంచితే ఫోనుకు ఒక పిలుపు వస్తుంది, దాన్ని ఒప్పుకోండి. ఫోల్డర్ ఐడీ మూడు చోట్లా ఒకటే కావాలి, పైకి కనిపించే పేరు ఏదైనా ఫరవాలేదు. రెండోది, ఫోనును ల్యాప్‌టాప్‌తో కూడా జతచేసి, అదే ఫోల్డరును దానికీ పంచాలి. చాలామంది ఈ అడుగు మరిచి ఫైలు ఫోనులోనే ఆగిపోయిందంటారు. మూడోది, ఫోనులో ఆ ఫోల్డరు రకాన్ని Receive Only చేయండి. అలా పెడితే ఫోను అందుకున్నది మాత్రం ముందుకు అందిస్తుంది. జాగా చాలడం లేదని పిల్లలో, ఏదో శుభ్రం చేసే యాపో ఫోనులో ఫైళ్లు తుడిచినా ఆ తుడిపివేత దుకాణానికి వెళ్లదు. బ్యాటరీ పొదుపు కోసం ఆండ్రాయిడ్ ఈ యాప్‌ను నిద్రపుచ్చకుండా సెట్టింగులలో మినహాయింపు ఇవ్వడం మాత్రం మరవకండి.

నన్నడిగితే అసలు ఆ ఒకే పట్టీ పద్ధతే మానేయమంటాను. ఆర్డరుకు ఒక చిన్న ఫోల్డరు పెట్టి, అందులో ఆ పత్రిక ఫైలు, బయానా రాసిన చిన్న ఫైలు ఉంచుకుంటే రెండు చోట్లా ఒకే ఫైలును మార్చే అవసరం దాదాపు రాదు. నేనిలాగే చేస్తాను. అందరి వివరాలూ ఒకే ఫైలులో ఉంటే చూసుకోవడానికి సుఖమే, కానీ ఘర్షణలు వచ్చేది దాని మీదే. పట్టీ తప్పదనుకునే వాళ్లు లిబ్రె ఆఫీస్, ఎమ్మెస్ ఆఫీస్ తాత్కాలికంగా పుట్టించే తాళం ఫైళ్లు అటూ ఇటూ తిరగకుండా సింక్‌థింగ్ వదిలేయవలసిన ఫైళ్ల పేర్లు రాసే `.stignore`లో ఈ రెండు వరుసలు రాయండి:

```
.~lock.*#
~$*
```

ఈ `.stignore` మాత్రం ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి వెళ్లదు. ప్రతి చోటా విడిగా రాయాలి.

అభ్యాసం. ఈసారి కొంచెం కష్టంగానే ఇస్తున్నాను. పంచుకున్న ఫోల్డరులో `pariksha.txt` అని ఒక ఫైలు పెట్టి, రెండు కంప్యూటర్లకూ చేరనివ్వండి. ఫోనును ఆపేయండి. దుకాణం కంప్యూటర్‌లో Remote Devices కింద ల్యాప్‌టాప్‌ను Pause చేయండి. ఫైలులో ముందు దుకాణంలో ఒక వరుస చేర్చి దాచండి, రెండు నిమిషాల తరవాత ల్యాప్‌టాప్‌లో వేరే వరుస చేర్చి దాచండి. ఏ ప్రతికి ఘర్షణ పేరు వస్తుందో, ఆ పేరులో ఏ సమయం పడుతుందో కాగితం మీద రాసుకుని అప్పుడు Resume నొక్కండి. తరవాత ల్యాప్‌టాప్ గడియారాన్ని రెండు గంటలు వెనక్కి తిప్పి మొత్తం మళ్లీ చేయండి. ఈసారి ఎవరు గెలిచారో, ఎందుకో రెండు వాక్యాల్లో రాసి పంపండి. చివరగా గడియారం సరిచేసి, రెండు ప్రతులలోని వరుసలను ఒకే ఫైలులోకి తెచ్చి, ఘర్షణ ఫైలును తుడవండి. వచ్చే పాఠంలో File Versioning.