లాచ్ హుక్ రగ్గు, మూడో పాఠం: ముక్కలు కత్తిరించడం, ముడి వేయడం, వరస నిలపడం

పోయిన పాఠంలో కాన్వాసు అంచులకు టేపు అంటించి, గుర్తులు గీసి పక్కన పెట్టాం. ఈసారి ఊలు ముక్కలు కోసి, వాటిని హుక్కుతో కాన్వాసు గళ్లలో ముడులు వేస్తూ మొదటి వరసలు పూర్తి చేద్దాం. రగ్గు మెత్తగా, ఒత్తుగా వస్తుందా, లేక అక్కడక్కడ జుట్టు ఊడిన తల లాగా ఉంటుందా అన్నది ఈ మొదటి నాలుగైదు వరసల్లోనే తెలిసిపోతుంది. అందుకని ఈ పాఠంలో తొందర వద్దు.

మనం చేస్తున్నది కుర్చీ మీద వేసుకునే చిన్న రగ్గు. 12 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు. ముందు మీ కాన్వాసు మీద 4 అంగుళాలు కొలిచి, అందులో ఎన్ని గళ్లు పడుతున్నాయో లెక్కపెట్టండి. 15 గళ్లు వస్తే అది అంగుళానికి 3.75 గళ్ల రకం. ఇంటి రగ్గులకు బాగా వాడేది ఇదే. అలాంటి కాన్వాసులో 12 అంగుళాలకు 45 గళ్లు, 45 వరసలు. మొత్తం 2,025 ముడులు. ఒక్కో ముడికి ఒక ముక్క కాబట్టి 2,025 ముక్కలు కావాలి. సంఖ్య చూసి బెదరకండి, కోయడం చేతితో ఒక్కొక్కటిగా కాదు.

మామూలుగా ముక్క పొడవు రెండున్నర అంగుళాలు, అంటే 65 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. దానికి ఒక చెక్క బద్ద చాలు. నా దగ్గర ఉన్నది 30 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం. దాని చుట్టూ ఒకసారి దారం తిప్పితే 66 మిల్లీమీటర్లు. బద్ద చుట్టూ ఊలు వరసగా చుట్టి, ఒక అంచు వెంబడి కత్తెర దూర్చి కోస్తే ప్రతి చుట్టూ ఒక ముక్క అవుతుంది. మీకు దొరికిన బద్ద చుట్టుకొలతను ముందు కుట్టు దారంతో చూసుకోండి. ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కువైనా తక్కువైనా పర్వాలేదు. రగ్గంతా ఒకే బద్దతో కోయాలి, అంతే.

చుట్టేటప్పుడు గుర్తుంచుకోవాల్సినవి రెండు. ఒకటి, చుట్టు మీద చుట్టు ఎక్కకూడదు. పై పొరలో ఉన్న దారం కింది పొరను కూడా చుట్టుకుని పోతుంది కాబట్టి ఆ ముక్కలు పొడవవుతాయి. పక్కపక్కనే ఒకే పొర ఉండాలి. రెండోది టెన్షన్. ఊలు, ముఖ్యంగా మన బజార్లో దొరికే అక్రిలిక్ ఊలు, లాగితే సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. బిగించి చుడితే బద్ద మీద 66 ఉన్న దారం, కోయగానే 60కి వచ్చేస్తుంది.

ఇది నేను అనుభవించి తెలుసుకున్నదే. మాది ఎమ్మిగనూరు. ఇంట్లో మగ్గం చూస్తూ పెరిగాను కాబట్టి దారం విషయంలో నాకు తెలియనిది లేదనుకున్నాను. మొదటి రగ్గుకు ముక్కలు రెండు విడతలుగా కోశాను. మొదటి రోజు పొద్దున్నే నింపాదిగా, రెండోసారి రాత్రి పని అయ్యాక గబగబా బిగించి చుట్టి. రగ్గు సగం దాటాక పక్కింటి అక్క వచ్చి, చేత్తో నిమిరి, "ఏందమ్మా, ఈడ మెట్టు దిగినట్టుంది?" అంది. చూస్తే కొత్త ముక్కలు మొదలైన వరస దగ్గర పోగులు నిజంగానే మూడు మిల్లీమీటర్లు పొట్టిగా ఉన్నాయి. ముక్కలో ఆరు మిల్లీమీటర్లు పోతే, ముడికి రెండు పోగులు కాబట్టి ఒక్కో పోగుకు మూడు పోయినట్టు. కంటికి అంతగా ఆనలేదు గానీ చేతికి స్పష్టంగా తెలిసింది. పొట్టివాటిని పెంచలేం కదా, చివరికి పొడుగు సగాన్నంతా కత్తెరతో దించాల్సి వచ్చింది.

అప్పటినుంచి ప్రతి విడతలోనూ పది ముక్కలు తీసి, బల్ల మీద పక్కపక్కన పరిచి, మొదటి విడత నుంచి దాచిపెట్టిన ఒక ముక్కతో పోలుస్తాను. ఆ ఒక్క ముక్కను కాగితానికి పిన్ను చేసి పెట్టుకోండి. ఇంకో మాట: కోసిన ముక్కలు డబ్బాలో పెట్టేదాకా ఫ్యాన్ ఆపేయండి. మన ఎండల్లో అది కష్టమే, కానీ ఒక్క నిమిషం చాలు ఊలు ఇల్లంతా ఎగరడానికి.

ఇప్పుడు ఊలు మందం. రగ్గుల కోసమే చేసిన ఊలు బాగా లావుగా ఉంటుంది, అది ఒక ముక్క సరిపోతుంది. స్వెట్టర్లు అల్లే ఊలు అయితే ఒక ముడికి రెండు ముక్కలు కలిపి వాడాలి. మన కుర్చీ రగ్గుకు ముడికి ఒక ముక్క లెక్కన 134 మీటర్లు, రెండు ముక్కల లెక్కన దాదాపు 268 మీటర్లు. ఉండ మీద మీటర్లు రాసి ఉంటాయి, దాన్ని బట్టి కొనుక్కోండి. తేడా ముక్కలు పడతాయి కాబట్టి ఒక ఉండ ఎక్కువే తెచ్చుకోవడం మేలు.

ఇక ముడి. కాన్వాసును బల్ల మీద మీకు ఎదురుగా పరవండి, నేతలోనే వచ్చిన దాని గట్టి అంచులు కుడి ఎడమలకు ఉండాలి. మగ్గం భాషలో చెబితే, మీ నుంచి అవతలికి పోయేవి పడుగు, ఎడమ నుంచి కుడికి అడ్డంగా పోయేవి పేక. మన ముడి ఎప్పుడూ పేక దారం మీదే కూర్చోవాలి.

హుక్కు కొనకు కొక్కెం, దాని వెనక కీలు మీద లేచి పడే చిన్న రేకు ఉంటాయి. ఆ రేకును మనం నాలుక అందాం. ముక్కను సరిగ్గా మధ్యకు మడిచి, ఆ మడతను నాలుకకు వెనక, హుక్కు కాడ చుట్టూ వేయండి. రెండు కొసలూ సమానంగా కలిపి ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకోండి. హుక్కును మీకు దగ్గరగా ఉన్న గడిలో దించి, పేక దారం కిందుగా పోనిచ్చి, అవతలి గడిలోంచి పైకి తీయండి. నాలుక పూర్తిగా పేక దారాన్ని దాటి తెరుచుకునేదాకా తోయాలి. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. నాలుక సగం దాటాక ఆపేస్తారు, అది దారం కింద ఇరుక్కుంటుంది.

నాలుక తెరుచుకున్నాక, పట్టుకున్న రెండు కొసలనూ తెచ్చి కొక్కేనికీ నాలుకకూ మధ్య అడ్డంగా పెట్టండి. పెట్టి, హుక్కును నెమ్మదిగా మీ వైపుకు లాగండి. వెనక్కి వస్తుండగా నాలుక దానంతట అదే మూసుకుని కొసలను లోపల పట్టేస్తుంది. కొక్కెం పేక దారం కింద నుంచి, తర్వాత కాడ మీదున్న మడత లోపల నుంచి జారి బయటికి వస్తుంది. నాలుక మూసుకునే ఆ చిన్న టిక్కుమనే చప్పుడు వినడం అలవాటు చేసుకోండి. చప్పుడు రాకపోతే కొసల్లో ఒకటి జారిపోయిందేమో చూసుకోండి. హుక్కు బయటికి వచ్చాక రెండు కొసలనూ కలిపి చేత్తో ఒక్కసారి గట్టిగా గుంజితే ముడి బిగుస్తుంది. పోగులు మీ వైపుకు వాలి నిలబడతాయి.

రెండు పోగులూ ఒకే పొడవు లేకపోతే మడత మధ్యలో పడలేదన్నమాట. కత్తెర తీయకండి. మడత లోపల హుక్కు కొన దూర్చి వదులు చేస్తే ముడి సులభంగా విడిపోతుంది, అదే ముక్కతో మళ్లీ వేయండి. మొదట్లో ఒక్కో ముడికి పది క్షణాలు పడుతుంది, 45 ముడుల వరసకు ఏడెనిమిది నిమిషాలు. మూడు వరసలయ్యేసరికి చేయి దానంతట అదే పోతుంది.

వరసల క్రమం గురించి నేను కొంచెం మొండిగా చెబుతాను. మీకు దగ్గరగా ఉన్న వరసతో మొదలుపెట్టి పైకి పోవాలి. పోగులు మీ వైపుకే వాలతాయి కాబట్టి, పై గళ్లు ఎప్పుడూ తెరిచే కనిపిస్తాయి. పై నుంచి మొదలుపెడితే వేసిన పోగులు వేయాల్సిన గళ్లను కప్పేస్తాయి, ప్రతిసారీ ఎత్తి చూసుకోవాలి. అలాగే ఒక రంగంతా పూర్తి చేసి ఇంకో రంగుకు పోవద్దు. ఆ పద్ధతిలో మధ్యలో మిగిలిన ఒంటి గళ్లు ఊలు కింద దాక్కుని తప్పిపోతాయి. వరసలో రంగు మారితే ముక్క మార్చండి, వరసను మాత్రం వదలకండి.

కాన్వాసును మధ్యలో తిప్పి రెండో వైపు నుంచి కూడా వేయకూడదు. ఇంట్లో ఇద్దరు కూర్చుని చెరో కొస నుంచి వేస్తే త్వరగా అవుతుందనిపిస్తుంది. కానీ ఒకరి పోగులు ఇటు, ఇంకొకరివి అటు వాలతాయి, కలిసిన చోట పాపిడి తీసినట్టు గీత పడుతుంది. కత్తిరించినా ఆ గీత పోదు. ఇద్దరు చేయాలంటే ఒకే వైపు పక్కపక్కన కూర్చోండి.

నాలుగు వరసలయ్యాక కాన్వాసును తిరగేసి వెనక చూడండి. ప్రతి పేక దారం మీద, ప్రతి రెండు పడుగు దారాల మధ్య, ఊలు గింజ ఒకటి వరసగా కనిపించాలి, జొన్న కంకిలో గింజల్లా. ఎక్కడైనా తెల్లటి కాన్వాసు దారం బోసిగా కనిపిస్తే ఆ గడి తప్పింది. ఒక గింజ పక్కవాటికంటే పొడవుగా ఉండి, అక్కడ కాన్వాసు కొంచెం ముడతపడితే, హుక్కు ఒకటికి బదులు రెండు పేక దారాలను పట్టిందని తెలుసుకోండి. గింజ నిలువుగా కాక అడ్డంగా పడుకుంటే ముడి పడుగు మీద పడింది, పైన దాని పోగులు పక్కకు వాలి ఉంటాయి. మూడింటికీ మందు ఒకటే: ఆ ముడి విప్పి మళ్లీ వేయడం. నాలుగు వరసలకొకసారి చూస్తే రెండు నిమిషాల పని. ఇరవై వరసల తర్వాత చూస్తే, పోగుల అడవిలో ఆ గడి వెతకడానికే సాయంత్రం పోతుంది.

ఒత్తుదనం చూడటానికి ఆ నాలుగు వరసలున్న చోట కాన్వాసును మీ చూపుడువేలు మీద వేసి, ఊలు పైకి ఉండేలా వంచండి. వంపులో పోగుల మధ్య కొద్దిగా దారం కనిపించడం మామూలే. బల్ల మీద చదునుగా పరిచినప్పుడు కూడా గళ్లు కనిపిస్తే ఊలు సన్నం, ముడికి ఇంకో ముక్క కలపాలి. దానికి తిరుగు, కాన్వాసు చదునుగా కూర్చోకుండా పళ్లెంలా లేస్తుంటే ఊలు మరీ లావు, గడిలో ఇమడటం లేదు. ముక్క పొడవు పెంచితే ఒత్తవుతుందని కొందరు అంటారు. పొడుగు పోగు కాసేపు గడిని కప్పుతుంది నిజమే, కానీ కుర్చీ మీద కూర్చుని లేచేసరికి అది పక్కకు పడుకుని అడుగు బయటపడుతుంది. ఒత్తుదనం మందంతో వస్తుంది, పొడవుతో కాదు.

వచ్చే పాఠానికి పది వరసలు వేసి ఉంచండి. నాలుగు వైపులా మిగిలించిన కాన్వాసును వెనక్కి మడిచి, రెండు పొరలనూ కలిపి ముడి వేయడం అప్పుడు చూద్దాం. పిన్ను చేసిన ఆ ఒక్క ముక్కను మాత్రం అప్పటిదాకా పారేయకండి.