ఇన్‌కమ్ ట్యాక్స్ రిఫండ్ ఏళ్ల తరబడి రాకపోతే: హైకోర్టులో రిట్ ఎప్పుడు వేయాలి?

రిఫండ్ రాలేదని నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది మొదటి మాటే "రిట్ వేసేద్దామండీ" అంటారు. నేను ముందు అడిగేది ఒక్కటే: మీకు డబ్బు రావాలని తేల్చిన కాగితం చేతిలో ఉందా? ఆ జవాబును బట్టే దారి మారుతుంది.

సమస్య 1: రిఫండ్ మంజూరైందని పోర్టల్ చెబుతోంది, ఖాతాలో మాత్రం పడలేదు

ఇది చాలాసార్లు బ్యాంకు ఖాతాతో వచ్చే చిక్కు. ఖాతా మూసేసి ఉంటుంది, బ్యాంకుల విలీనంతో ఐఎఫ్ఎస్‌సీ కోడ్ మారి ఉంటుంది, లేదా పాన్‌లో పేరు ఒకలా, పాస్‌బుక్కులో ఇంకోలా ఉంటుంది. పోర్టల్‌లో ఖాతాను మళ్లీ వ్యాలిడేట్ చేసి, `Services` కింద ఉన్న `Refund Reissue` లో అభ్యర్థన పెడితే సరిపోతుంది. దీనికి కోర్టు అక్కర్లేదు.

సమస్య 2: రిఫండ్‌ను పాత బకాయి కింద జమ చేసుకున్నారు

ఏ పదేళ్ల కిందటిదో ఒక డిమాండ్ పోర్టల్‌లో అలాగే ఉండిపోతుంది. 1961 ఆదాయపు పన్ను చట్టం 245వ సెక్షన్ ప్రకారం రిఫండ్‌ను దానికి సర్దుబాటు చేసే అధికారం శాఖకు ఉంది, కానీ ముందుగా మీకు రాతపూర్వకంగా తెలియజేయాలి. `Pending Actions` లోని `Response to Outstanding Demand` లో ఆ డిమాండ్ ఎందుకు తప్పో ఆధారాలతో చెప్పండి. రిట్‌కు బలం రెండు సందర్భాల్లో వస్తుంది: అసలు నోటీసే ఇవ్వకుండా సర్దేసినప్పుడు, మీరిచ్చిన జవాబును చూడకుండానే సర్దేసినప్పుడు.

సమస్య 3: రిఫండ్ రావాలని మీరంటున్నారు, ఏ అధికారీ ఇంకా ఆ మాట అనలేదు

రిటర్న్ గడువులోగా వేయలేదు, లేదా కంపెనీ టీడీఎస్ కోసి ప్రభుత్వానికి కట్టలేదు, లేదా ఆదాయం లెక్కలోనే తేడా ఉంది. ఇలాంటి స్థితిలో నేరుగా హైకోర్టుకు వెళ్తే పిటిషన్ నిలవడం కష్టం. 1965లో సుగన్‌మల్ కేసులో సుప్రీంకోర్టు ఈ గీత గీసింది: కేవలం డబ్బు తిరిగి ఇప్పించమని వేసే రిట్ మామూలుగా చెల్లదు, మాండమస్, అంటే అధికారి తన బాధ్యత నెరవేర్చాలనే కోర్టు ఆదేశం, కావాలంటే ఆ డబ్బుపై చట్టబద్ధమైన హక్కు ఉండాలి. హక్కే వివాదంలో ఉంటే ముందు దాన్ని తేల్చుకోవాలి. రిటర్న్ ఆలస్యమైతే 119(2)(బి) కింద జాప్యం మాఫీ కోరాలి. లెక్కలో కంటికి కనిపించే పొరపాటుంటే 154 కింద సవరణ దరఖాస్తు పెట్టాలి. దాన్ని అందిన నెలాఖరు నుంచి 6 నెలల్లో తేల్చాలని చట్టమే చెబుతోంది. ఆ గడువు దాటాక కూడా ఏమీ తేల్చకపోతే, ఆ దరఖాస్తును తేల్చమని రిట్ వేయవచ్చు.

సమస్య 4: అప్పీలులో గెలిచారు, అధికారి మాత్రం కదలడం లేదు

రిట్‌కు అసలు చోటు ఇదే. ఒక ఉదాహరణ తీసుకుందాం. జిల్లా కేంద్రంలో చిన్న కాంట్రాక్టరు. అసెస్‌మెంట్‌లో ఆదాయం పెంచి డిమాండ్ వేశారు. 2019 ఫిబ్రవరిలో ఆయన 1,80,000 రూపాయలు కట్టి అప్పీలుకు వెళ్లాడు. 2021 అక్టోబరులో కమిషనర్ (అప్పీల్స్) ఆయన పక్షాన ఉత్తర్వు ఇచ్చారు, అదే నెలలో అది శాఖకు చేరింది. ఆ తర్వాత మూడేళ్లు ఏమీ జరగలేదు. అడిగినప్పుడల్లా "ఫైలు పాత ఆఫీసులో ఉంది", "సార్ బదిలీ అయ్యారు", "సిస్టమ్‌లో ఆప్షన్ రావడం లేదు" అనే మాటలే.

240వ సెక్షన్ ప్రకారం అప్పీలు ఉత్తర్వుతో రావలసిన రిఫండ్‌ను మీరు అడగకుండానే ఇవ్వాలి. 153(5) ప్రకారం ఉత్తర్వు అందిన నెలాఖరు నుంచి 3 నెలల్లో దాన్ని అమలు చేయాలి. కారణాలు రాసి పై అధికారి అనుమతిస్తే ఇంకో 6 నెలలు దొరుకుతాయి. మన కాంట్రాక్టరు విషయంలో మామూలు గడువు 2022 జనవరి 31తో అయిపోయింది. "మేం ట్రిబ్యునల్‌కు వెళ్తాం" అన్నా స్టే లేనంతవరకు అది సాకు కాదు. అదీగాక ఇంత చిన్న మొత్తానికి, కొన్ని మినహాయింపులు తప్ప, ట్రిబ్యునల్‌కు వెళ్లొద్దని శాఖ తనకు తానే పరిమితి పెట్టుకుంది. 2024 సెప్టెంబరు నుంచి ఆ పరిమితి, వివాదంలో ఉన్న పన్ను లెక్కన, 60 లక్షల రూపాయలు.

ఇక్కడ అధికారి తేల్చాల్సిన వివాదమేమీ మిగల్లేదు, మిగిలింది అమలు చేయాల్సిన బాధ్యత ఒక్కటే. దాన్ని చేయించడానికే మాండమస్ ఉంది.

రిట్‌కు ముందు ఒక పని తప్పనిసరి. అడిగినా ఇవ్వలేదని కోర్టుకు చూపించాలి. అందుకని అప్పీలు ఉత్తర్వు, చలాన్లు, బ్యాంకు వివరాలు జతచేసి, 30 రోజుల గడువుతో ఒక రాతపూర్వక వినతి ఇవ్వండి. ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకోండి, లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. పోర్టల్‌లో ఈ-నివారణ్ ఫిర్యాదు, కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో ఫిర్యాదు కూడా పెట్టండి. వాటికి ఖర్చు లేదు, కొన్ని ఫైళ్లు అక్కడే కదులుతాయి కూడా. "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని డబ్బు రాకుండానే మూసేస్తే, ఆ ప్రింటవుటే రిట్‌లో మంచి సాక్ష్యం.

రిట్ రాజ్యాంగం 226వ అధికరణం కింద వేస్తారు. తెలంగాణవాళ్లకు హైదరాబాద్‌లోని హైకోర్టు, ఆంధ్రావాళ్లకు అమరావతిలోని హైకోర్టు. పిటిషన్‌లో ప్రార్థన, అంటే కోర్టును ఏం కోరుతున్నారో ఆ భాగం, రాయించేటప్పుడు లాయరు పక్కనే కూర్చోండి. "వినతిని పరిశీలించమని ఆదేశించండి" అని మాత్రమే అడిగితే కోర్టు అంతే ఇస్తుంది. అధికారి పరిశీలించి మరో కొర్రీ పెడతాడు, మీరు మళ్లీ మొదటికి వస్తారు. "అప్పీలు ఉత్తర్వును అమలు చేసి, 244ఏ వడ్డీతో సహా రిఫండ్‌ను ఇన్ని వారాల్లో చెల్లించమని" అడగాలి.

వడ్డీని వదిలేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. కాంట్రాక్టరు 2024 నవంబరులో రిట్ వేసి, 2025 జూన్‌లో డబ్బు అందుకున్నాడనుకుందాం. నెలకు అర శాతం చొప్పున 900 రూపాయలు, 2019 ఫిబ్రవరి నుంచి 77 నెలలకు 69,300. అమలు గడువు దాటినందుకు 244ఏ(1ఏ) కింద ఏడాదికి మరో 3 శాతం, అంటే నెలకు 450, 41 నెలలకు 18,450. అసలుతో కలిపి 2,67,750. ఈ వడ్డీ మీద పన్ను ఉంటుంది, అందిన ఏడాది రిటర్న్‌లో చూపించాలి.

విచారణలో శాఖ తరఫు స్టాండింగ్ కౌన్సిల్ సూచనలు తెచ్చుకోవడానికి వాయిదా అడుగుతారు. ఏళ్లుగా కనిపించని ఫైలు చాలాసార్లు ఆ వాయిదాలోనే దొరుకుతుంది. ఉత్తర్వు వచ్చాక కూడా గడువులో కట్టకపోతే కోర్టు ధిక్కారం కేసు వేయాలి, దానికి ఏడాది కాలపరిమితి.

సమస్య 5: పదేళ్లుగా ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను

ఇది నన్ను అన్నిటికంటే కలవరపెట్టే స్థితి. రిట్‌కు చట్టంలో నిర్ణీత గడువు లేదు, కానీ 1964 నాటి భాయిలాల్ భాయ్ తీర్పు నుంచి కోర్టులు సివిల్ దావాకుండే 3 ఏళ్లను కొలబద్దగా చూస్తున్నాయి. మళ్లీ మళ్లీ వినతులు ఇచ్చినంత మాత్రాన ఆ గడియారం వెనక్కి తిరగదని సి. జాకబ్ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పీలులో గెలిచిన రిఫండ్‌లో, ఇవ్వాల్సిన బాధ్యత చట్టమే శాఖ మీద పెట్టింది కాబట్టి ఆలస్యానికి జవాబు చెప్పే వీలు కొంత ఉంటుంది. అయినా ఆ వాదన మీద ఆధారపడే దాకా తెచ్చుకోవద్దు. అమలు గడువు దాటి ఏడాదైతే లాయరును కలవండి, రెండేళ్లు దాటితే పిటిషన్ దాఖలై ఉండాలి.

మొత్తం ఏ పది, పదిహేను వేలో అయితే లాయరు ఫీజే దాన్ని మించిపోతుంది. అలాంటివాళ్లను నేను సీపీగ్రామ్స్ దగ్గరే ఆపి, ప్రిన్సిపల్ కమిషనర్‌కు నేరుగా ఉత్తరం రాయిస్తాను.