సైట్‌కి పాత డ్రాయింగ్ ఎలా చేరింది? లక్షణం, కారణం, పరిష్కారం

తిరుపతిలో మాది ఐదుగురి డిజైన్ ఆఫీసు. కరకంబాడి రోడ్డు వైపు ఒక ఇంటి పునాది పనిలో, ఫుటింగ్ కాంక్రీటుకు ముందురోజు సాయంత్రం సైట్‌కి వెళ్లాను. సి4 పిల్లర్‌కి ఆరు కమ్మీలు ఉండాలి, నాలుగే నిలబెట్టారు. రింగులు కూడా 230 × 450కి కాకుండా 230 × 300కి కట్టారు. అడిగితే మేస్త్రి ప్రింట్ తెచ్చి చేతిలో పెట్టాడు. "మీరు పంపిందే కదా సార్!" నిజమే, మేం పంపిందే. కాకపోతే మూడు వారాల కిందటిది. కమ్మీలు మళ్లీ కట్టడానికి ఒక రోజు పోయింది.

లక్షణం: సైట్‌లో ఒకటి, ఆఫీసులో ఇంకొకటి

ఫోన్ చేసి "కొత్త డ్రాయింగే చూస్తున్నావా?" అని అడగొద్దు. ఎవరైనా అవుననే అంటారు. "షీటు కింద కుడి మూల ఏం రాసుందో చదువు" అనండి. డ్రాయింగ్ నంబరు, రివిజన్, తేదీ చదవలేకపోతే అసలు జబ్బు అక్కడే ఉంది.

మా వాట్సాప్ గ్రూపులో అప్పుడు ఉన్న ఫైళ్లు ఇవి:

```
column final.pdf
column final new.pdf
column final new (1).pdf
```

చివరిదే కొత్తదని మేస్త్రి అనుకున్నాడు. కానీ ఆ `(1)` మేం పెట్టింది కాదు. అదే పేరుతో రెండోసారి డౌన్‌లోడ్ చేస్తే బ్రౌజర్ తగిలించే అంకె అది. నిజంగా కొత్తది మొదటి పేరుతోనే ఉంది, ఎందుకంటే మావాడు పాత ఫైలునే తెరిచి మార్చి సేవ్ చేశాడు.

ఇప్పుడు పేరు ఇలా పెడుతున్నాం:

```
KKB-ST-007_R1.pdf
```

ప్రాజెక్టు, విభాగం, డ్రాయింగ్ నంబరు, రివిజన్, అంతే. ఆర్కిటెక్చర్‌కి AR, స్ట్రక్చర్‌కి ST, ప్లంబింగ్‌కి PL. 'ఫైనల్' అనే మాట పేరులో నిషేధం. ఆమోదం రాకముందు రివిజన్ A, B, C అని అక్షరాల్లో నడుస్తుంది. పనికి ఇచ్చిన మొదటి కాపీ R0, తర్వాత మార్పు వస్తే R1. అక్షరం కనబడితే పని మొదలుపెట్టకూడదని మేస్త్రికి ఒక్కసారి చెబితే చాలు, మరి మర్చిపోడు.

'ఆమోదం అయింది' అనే సంగతిని మాత్రం పేరులో పెట్టం. స్థితి మారినప్పుడల్లా పేరు మార్చాల్సి వస్తుంది, ఒకే డ్రాయింగ్ రెండు పేర్లతో తిరుగుతుంది. స్థితిని ఫోల్డరే చెబుతుంది:

```
01_WORK
02_CHECK
03_GFC
04_OLD
```

క్యాడ్ ఫైలు `01_WORK` దాటదు. బయటికి నడిచేది పీడీఎఫ్ మాత్రమే. GFC అంటే 'గుడ్ ఫర్ కన్‌స్ట్రక్షన్', పనికి ఇచ్చేవి. `03_GFC`లో ఒక డ్రాయింగ్‌కి ఒక్క ఫైలే ఉండాలి. R1 లోపలికి వచ్చిన నిమిషంలోనే R0 `04_OLD`కి పోవాలి. `03_GFC`లో ఫైలు పెట్టే హక్కు మా ఆఫీసులో ఒక్కరికే, మిగతావాళ్లు చూడగలరంతే. గూగుల్ డ్రైవ్ వాడేవాళ్లకి ఒక జాగ్రత్త: ఒకే ఫోల్డర్‌లో ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఉన్నా అది ఊరుకుంటుంది. కాబట్టి కళ్లతో చూసుకోవాల్సిందే.

గ్రూపులో ఫైలు పంపడం మానేసి ఆ ఫోల్డర్ లింకు ఇచ్చాం. అయినా గోడకి అంటించిన కాగితాన్ని ఏ ఫోల్డరూ మార్చలేదు. అందుకే కొత్త ప్రింట్ ఇచ్చేటప్పుడు పాతది చేతికి తీసుకుని, అడ్డంగా గీత కొట్టి వెనక్కి తెస్తున్నాం. ఎక్సెల్ రిజిస్టర్‌లో 'పాత ప్రింట్ తిరిగొచ్చింది' అని ఒక గడి ఉంది. అది ఖాళీగా ఉంటే ఆ సైట్‌లో రెండు డ్రాయింగ్‌లు ఉన్నట్టే లెక్క.

లక్షణం: రెండు R1లు, లోపల వేర్వేరు

ఇద్దరు ఎవరికి వారు నంబరు వేసుకున్నారు. పని చేస్తున్నంతసేపూ రివిజన్ నంబరు అక్కర్లేదు. ఆఫీసు దాటేటప్పుడే, రిజిస్టర్ చూసుకునే మనిషే నంబరు ఇవ్వాలి. ఇప్పటికే రెండు బయటికి వెళ్లిపోతే అందులో ఏదో ఒకటి సరైనదని తేల్చి ఊరుకోకండి. రెండింటినీ రద్దు చేసి R2 ఇవ్వండి.

లక్షణం: "ఓనర్ ఓకే అన్నారు కదా!"

ఓనర్ ఎలివేషన్ చూసి ఓకే అని ఉంటారు, మనవాళ్లు స్ట్రక్చర్‌కి కూడా అనుకుంటారు. డ్రాయింగ్ నంబరు, రివిజన్ లేని ఓకేని మేం లెక్కలోకి తీసుకోం. "KKB-AR-003 B ఓకేనా అండీ?" అని రాసి పంపి, దానికే జవాబు తెప్పించుకుంటాం. "ఓకే, కానీ మెట్లు మార్చండి" అంటే అది ఆమోదం కాదు. మార్చి, C చేసి మళ్లీ పంపాలి.

తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ తుడా అనుమతి వచ్చిన ప్లాన్‌తో మన దగ్గర ఇంకో చిక్కు. ముద్ర ఉంది కాబట్టి మేస్త్రీలు దాని కొలతలతోనే మార్కింగ్ ఇచ్చేస్తారు. అది కట్టుకోవడానికి వచ్చిన అనుమతి, అందులో కమ్మీల వివరాలు ఉండవు. దాన్ని `03_GFC`లో పెట్టకండి, విడిగా అనుమతుల ఫోల్డర్‌లో ఉంచండి. సైట్‌లో ఉంచే కాపీ మీద ఎర్ర పెన్నుతో 'మార్కింగ్‌కి కాదు' అని మేమే రాసి ఇస్తున్నాం.